వైవా ముందు రాత్రి ఇద్దరూ కూర్చుని డయోడ్, ట్రాన్సిస్టర్ ప్రశ్నలు ఎలా అడుక్కోవాలి

వైవాలో మొదటి ప్రశ్నకు దాదాపు అందరూ జవాబు చెప్తారు. డయోడ్ అంటే ఏమిటి, ట్రాన్సిస్టర్‌కి ఎన్ని కాళ్లు, ఇవి నోటికి వచ్చే ఉంటాయి. ఇబ్బంది రెండో ప్రశ్నతో మొదలవుతుంది. ఎక్స్‌టర్నల్ మీ రికార్డు తిప్పి ఒక రీడింగ్ మీద వేలు పెట్టి "ఇది ఇంతే ఎందుకొచ్చింది?" అంటారు. దానికి జవాబు పుస్తకంలో ఒకచోట రాసి ఉండదు. అందుకే రాత్రి పూట పుస్తకం ముందేసుకుని ఇద్దరూ వంతులవారీగా డెఫినిషన్లు అప్పజెప్పుకుంటే గంటలు పోతాయి తప్ప పెద్దగా లాభం ఉండదు. రికార్డులోంచి అడుక్కోవాలి. అదెలాగో నల్గొండలో ఒక పాలిటెక్నిక్ హాస్టల్ గదిలో కూర్చున్న యాదగిరి, నవీన్ అనే ఇద్దరి మాటల్లో చూపిస్తాను. మీరు మీ రూమ్మేట్‌తో ఇదే వరసలో చేయండి.

ముందు సర్దుకోవాల్సినవి

మంచం మీద నాలుగే వస్తువులు ఉండాలి. ఇద్దరి రికార్డులు, తెల్ల కాగితాలు, ఒక 1N4007 డయోడ్, ఒక BC547 ట్రాన్సిస్టర్. ఎవరి దగ్గరైనా డిజిటల్ మల్టీమీటర్ ఉంటే మరీ మంచిది. టెక్స్ట్‌బుక్ అల్మారాలోనే ఉండనివ్వండి. అది ముందుంటే చెయ్యి దానిమీదికే పోతుంది.

అడిగేవాడు ఎదుటివాడి రికార్డు పట్టుకోవాలి, తనది కాదు. అందులోంచి ఒక అంకె ఎంచుకుని మూడుసార్లు 'ఎందుకు' అడగాలి. చెప్పేవాడు ఆగిపోయిన చోట రికార్డు మార్జిన్‌లో పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు పెట్టి ముందుకు పోవాలి. అక్కడే ఆగి వాదించుకోవద్దు, పన్నెండు దాటుతుంది.

మొదటి మెట్టు: మీ సొంత రీడింగ్ నుంచి మొదలుపెట్టండి

నవీన్ రికార్డులో ఫార్వర్డ్ బయాస్ టేబుల్ ఉంది. 0.60 వోల్ట్ దగ్గర 1 మిల్లీ యాంప్, 0.65 దగ్గర 3.2, 0.70 దగ్గర 10.

"ఇది సిలికానా, జర్మేనియమా?" యాదగిరి మొదలుపెట్టాడు.

"సిలికాన్. కటిన్ వోల్టేజ్ 0.7 గదా."

"నీ టేబుల్‌లో 0.60 కాడనే కరెంట్ ఉంది. మరి కటిన్ 0.7 అని ఎట్ల అంటవ్?"

నవీన్ ఆగిపోయాడు. చాలామంది ఆగేది ఇక్కడే. 0.7 అనేది తలుపు తెరుచుకునే గీత అన్నట్టు గుర్తుపెట్టుకుంటారు. నిజానికి డయోడ్ కరెంట్ ఏ వోల్టేజ్ దగ్గరా హఠాత్తుగా మొదలవదు. మొదటి నుంచీ ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరుగుతూనే ఉంటుంది. తక్కువ వోల్టేజ్ దగ్గర అది మైక్రో యాంప్స్‌లో ఉండడం వల్ల మిల్లీ యాంప్స్ స్కేల్‌లో గీసిన గ్రాఫ్‌లో సున్నాలా కనిపిస్తుంది, అంతే. నవీన్ టేబుల్‌నే చూడండి. 0.60 నుంచి 0.70కి వోల్టేజ్ పదో వంతు వోల్టే పెరిగింది, కరెంట్ మాత్రం పదింతలైంది. ఈ మాట మీ రీడింగ్ చూపిస్తూ చెప్తే ఎక్స్‌టర్నల్ ఆ ప్రశ్న అక్కడితో వదిలేస్తారు. కటిన్ ఎంత అని సూటిగా అడిగితే మాత్రం "సిలికాన్‌కి 0.6 నుంచి 0.7, జర్మేనియంకి 0.2 నుంచి 0.3" అని చెప్పండి.

"సరే, 0.70 కాడ రెసిస్టెన్స్ ఎంత?"

"0.7 బై 10 మిల్లీ. డెబ్బై ఓమ్స్."

"ఏ రెసిస్టెన్స్ అది?"

"స్టాటిక్. డైనమిక్ కావాలంటే రెండు పాయింట్ల తేడా తీస్కోవాలె. 0.70లోంచి 0.65 పోతే 50 మిల్లీ వోల్ట్‌లు. 10లోంచి 3.2 పోతే 6.8 మిల్లీ యాంప్స్. ఏడు ఓమ్స్ పైన వస్తది."

"ఫార్ములాలో 26 మిల్లీ వోల్ట్ బై కరెంట్ అని ఉంది. 10 మిల్లీ యాంప్స్‌కి 2.6 ఓమ్స్ రావాలె. నీకు ఏడెందుకొచ్చింది?"

ఇది మంచి ప్రశ్న, కొంచెం నిదానంగా చూడాలి. ఇందులో రెండు విషయాలు కలిసి ఉన్నాయి. మొదటిది, ఏడు ఓమ్స్ అనేది 3.2కీ 10కీ మధ్య ఎక్కడో ఉన్న కరెంట్‌కి వర్తిస్తుంది, సరిగ్గా 10కి కాదు. సగటున 6.6 మిల్లీ యాంప్స్ అనుకుంటే ఫార్ములా ప్రకారం దాదాపు 4 ఓమ్స్ రావాలి. రెండోది, డయోడ్ సమీకరణంలో η అనే గుణకం ఉంటుంది. చిన్న కరెంట్‌ల దగ్గర సిలికాన్‌కి దాన్ని 2గా తీసుకుంటారు. అప్పుడు ఆ 4 కాస్తా 8 అవుతుంది. నవీన్‌కి వచ్చిన ఏడు దాని దగ్గరలోనే ఉంది. అంటే రీడింగ్ తప్పు కాదు, ఫార్ములాలో η = 1 అని మనకు తెలియకుండానే అనుకున్నాం.

```
I = I0 (e^(V / ηVT) − 1),   VT ≈ 26 mV (300 K)
r = ηVT / I
```

మన దగ్గర ఇంకో ప్రశ్న దాదాపు ఖాయం, ఎందుకంటే ప్రాక్టికల్స్ ఎండాకాలంలోనే పడతాయి. పుస్తకాల్లో లెక్కలన్నీ 25 డిగ్రీలకో 27 డిగ్రీలకో ఉంటాయి. నల్గొండలో ఏప్రిల్ మధ్యాహ్నం ఫ్యాన్లు తిరుగుతున్నా ల్యాబ్ 40 డిగ్రీలకు పోతుంది. అప్పుడు కటిన్ ఏమవుతుంది? ఒక్కో డిగ్రీకి సుమారు 2 మిల్లీ వోల్ట్‌లు తగ్గుతుంది. పదిహేను డిగ్రీలకు 30 మిల్లీ వోల్ట్‌లు. రివర్స్ సాచురేషన్ కరెంట్ ప్రతి 10 డిగ్రీలకు రెట్టింపు అవుతుందని లెక్క, కాబట్టి ఇక్కడ దాదాపు మూడింతలు. ఉదయం బ్యాచ్‌కీ మధ్యాహ్నం బ్యాచ్‌కీ రీడింగ్‌లు కొద్దిగా తేడాగా ఉంటే ఒక కారణం ఇదే. "వేడెక్కితే రెసిస్టెన్స్ పెరుగుతుంది, కాబట్టి డ్రాప్ కూడా పెరుగుతుంది" అని చెప్పేవాళ్లున్నారు. అది రాగి తీగకి వర్తించే మాట, డయోడ్‌కి కాదు.

రెండో మెట్టు: మీటర్ ఎక్కడ పెట్టారో అడగండి

రికార్డులో రెండు సర్క్యూట్ బొమ్మలు పక్కపక్కనే ఉంటాయి, ఫార్వర్డ్‌కి ఒకటి, రివర్స్‌కి ఒకటి. వాటిలో డయోడ్ తిరగబడడమే కాదు, వోల్ట్‌మీటర్ కూడా జరిగి ఉంటుంది. దాన్ని గమనించకుండానే గీసేస్తాం. ఎక్స్‌టర్నల్ గమనిస్తారు.

"ఫార్వర్డ్‌లో వోల్ట్‌మీటర్ డయోడ్‌కి మాత్రమే అడ్డంగా పెట్టినవ్. రివర్స్‌లో డయోడ్, అమ్మీటర్ రెండింటికీ కలిపి పెట్టినవ్. ఎందుకు?"

"బొమ్మ అట్లనే ఇచ్చిన్రు."

"అట్ల చెప్తే రేపు అయిపోతవ్."

కారణం ఇది. ఫార్వర్డ్‌లో డయోడ్ మీద పడేది 0.7 వోల్టే. అమ్మీటర్ లోపల పది ఓమ్స్ ఉందనుకోండి, 10 మిల్లీ యాంప్స్ పోతుంటే దాని మీద 0.1 వోల్ట్ పడుతుంది. వోల్ట్‌మీటర్‌ను రెండింటికీ కలిపి పెడితే 0.70 బదులు 0.80 చూపిస్తుంది, గ్రాఫ్ అంతా కుడివైపు జరుగుతుంది. అందుకే డయోడ్‌కి మాత్రమే పెడతాం. అప్పుడు వోల్ట్‌మీటర్ తాగే కరెంట్‌ను కూడా అమ్మీటర్ లెక్కలో వేస్తుంది, కానీ అది మిల్లీ యాంప్స్ ముందు లెక్కలోకి రాదు.

రివర్స్‌లో పరిస్థితి తలకిందులు. డిజిటల్ వోల్ట్‌మీటర్ లోపలి రెసిస్టెన్స్ సాధారణంగా 10 మెగా ఓమ్స్. 10 వోల్ట్‌లు పెడితే అది 1 మైక్రో యాంప్ లాక్కుంటుంది. గది ఉష్ణోగ్రత దగ్గర మంచి 1N4007 లీకేజ్ అంతకంటే చాలా తక్కువ. ఫార్వర్డ్ పద్ధతిలోనే మీటర్లు ఉంచేస్తే మైక్రో అమ్మీటర్‌లో కనిపించేది డయోడ్ కరెంట్ కాదు, వోల్ట్‌మీటర్ కరెంట్. దాన్నే మీరు రికార్డులో "రివర్స్ కరెంట్ 1 మైక్రో యాంప్" అని రాసుకుంటారు. ఎలా పట్టుకోవాలంటే, రివర్స్ కరెంట్ వోల్టేజ్‌తో పాటు సరళరేఖలో పెరుగుతూ పోయిందా చూడండి. 5 వోల్ట్‌లకు 0.5, 10 వోల్ట్‌లకు 1.0 అని ఉంటే అది డయోడ్ పని కాదు. వైవాలో ఆ పేజీ మీద వేలు పడితే దాచకుండా "ఇది మీటర్ లోడింగ్ సార్" అని కారణం చెప్పండి. సరిగ్గా వచ్చిన రీడింగ్ కంటే దానికే ఎక్కువ మార్కులు పడొచ్చు.

సిలికాన్ డయోడ్‌కి రివర్స్‌లో అన్నీ సున్నాలే వస్తే భయపడకండి. అది మీటర్ కొలవలేనంత చిన్నది, అంతే. అందుకే కొన్ని ల్యాబ్‌లలో ఇదే ప్రయోగానికి జర్మేనియం డయోడ్ కూడా ఇస్తారు, దాని లీకేజ్ కంటికి కనిపిస్తుంది.

డయోడ్ వదిలే ముందు ఈ ఒక్కటి అడిగి తీరండి.

"విడి డయోడ్ తీస్కున్నవ్, సప్లై ఏం లేదు. లోపల బారియర్ పొటెన్షియల్ 0.7 ఉంది గదా. వోల్ట్‌మీటర్ పెడితే ఎంత చూపిస్తది?"

"0.7... కాదు కాదు. చూపిస్తే దాన్ని బ్యాటరీ లెక్క వాడుకోవచ్చు గదా. సున్నా."

"ఎందుకు సున్నా?"

"బ్యాటరీ కాదు గనక."

"అది కారణం కాదు రా, నువ్వు చూసిన ఫలితం."

నవీన్ సగం దాకా సరిగ్గానే వచ్చాడు. మిగతా సగం ఇది. మీటర్ ప్రోబ్ తగిలేది లోహపు కాలికి. లోహం, సెమీకండక్టర్ కలిసే రెండు చోట్లా కాంటాక్ట్ పొటెన్షియల్స్ ఉంటాయి. అవి రెండూ కలిసి బారియర్ పొటెన్షియల్‌ను సరిగ్గా రద్దు చేస్తాయి. చుట్టూ తిరిగి కూడితే సున్నా. ఉష్ణోగ్రత అంతటా ఒకేలా ఉండి, వెలుతురు పడనంత వరకు ఇది నిజం. వెలుతురు పడితే అదే సోలార్ సెల్ అయి కూర్చుంటుంది, అప్పుడు నిజంగానే వోల్టేజ్ వస్తుంది.

మూడో మెట్టు: ట్రాన్సిస్టర్‌ను చేతిలో పెట్టి అడగండి

ఇక్కడికి వచ్చేసరికి వంతు మార్చుకోండి. ఇప్పుడు నవీన్ అడుగుతాడు. BC547 యాదగిరి చేతిలో పెట్టి కాళ్లు చెప్పమన్నాడు.

"చదునుగా ఉన్న వైపు నాకేసి, కాళ్లు కిందికి. ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్."

"అక్షరాలు చెరిగిపోయినయ్, ఏ ట్రాన్సిస్టరో తెల్వదు. అప్పుడెట్ల?"

మల్టీమీటర్‌ను డయోడ్ గుర్తు మీద పెట్టండి. ఎర్ర ప్రోబ్‌ను ఒక కాలికి ఆనించి నల్లదాన్ని మిగతా రెండింటికీ వంతులవారీగా తగిలించండి. రెండు చోట్లా 0.6, 0.7 మధ్య అంకె వస్తే ఎర్రది ఉన్నది బేస్, అది ఎన్‌పీఎన్. నల్ల ప్రోబ్ ఒకచోట ఉంచి ఎర్రది తిప్పినప్పుడు అలా వస్తే పీఎన్‌పీ. మిగతా కాంబినేషన్లలో మీటర్ మీద `OL` అనో ఎడమ పక్కన ఒంటరిగా `1` అనో ఉండాలి. కలెక్టర్, ఎమిటర్ మధ్య ఏ వైపు పెట్టినా సున్నాకి దగ్గరగా వస్తే అది షార్ట్ అయింది, పక్కన పెట్టేయండి. ఇక ఎమిటర్ ఏదో తేల్చాలంటే ఆ రెండు అంకెలనే దగ్గరగా చూడండి. ఒకటి 0.668, ఇంకోటి 0.661 లాంటి చిన్న తేడా ఉంటుంది. ఎక్కువ వచ్చిన వైపు ఎమిటర్, ఎందుకంటే ఎమిటర్‌లో డోపింగ్ ఎక్కువ.

ల్యాబ్‌లో సూది మీటర్ ఉంటే జాగ్రత్త. పాత సూది మల్టీమీటర్లలో ఓమ్స్ రేంజ్ పెట్టినప్పుడు లోపలి బ్యాటరీ ప్లస్ నల్ల ప్రోబ్‌కి వస్తుంది. అది తెలియక ఎన్‌పీఎన్‌ని పీఎన్‌పీ అని చెప్పేసేవాళ్లుంటారు.

"మీటర్ పెడితే రెండు డయోడ్‌లే కనిపిస్తున్నయ్ గదా. మరి రెండు 1N4007లు ఎదురెదురుగా కలిపి ట్రాన్సిస్టర్ చేసుకోరాదా?" అన్నాడు నవీన్.

"చేస్కోరాదు. బేస్ సన్నగా ఉండాలె."

"సన్నగా ఎందుకుండాలె?"

ఇది వైవాలో చాలా తరచుగా వచ్చే ప్రశ్న. "బేస్ సన్నగా, తక్కువ డోపింగ్‌తో ఉంటుంది" అనే వాక్యం అందరికీ వచ్చు, అది ఎందుకో చెప్పగలిగేవాళ్లు తక్కువ. ఎమిటర్ నుంచి ఎలక్ట్రాన్‌లు బేస్‌లోకి వస్తాయి. అక్కడ హోల్స్ ఉన్నాయి, వాటితో కలిసిపోతే బేస్ కరెంట్ అవుతుంది. కలవకముందే బేస్ దాటి కలెక్టర్ జంక్షన్ అంచుకు చేరితే అక్కడి రివర్స్ బయాస్ ఫీల్డ్ వాటిని కలెక్టర్‌లోకి లాగేస్తుంది. బేస్ సన్నగా ఉంటే దాటే దూరం తక్కువ, డోపింగ్ తక్కువగా ఉంటే కలిసిపోవడానికి హోల్స్ తక్కువ. అందుకే వందలో 99 పైన అవతలికి పోతాయి. రెండు విడి డయోడ్‌లు కలిపితే మధ్యలో లోహపు తీగ ఉంటుంది. మొదటి డయోడ్‌లోకి వచ్చిన ఎలక్ట్రాన్‌లు రెండో జంక్షన్ ఫీల్డ్ దాకా అలాగే చేరే దారి లేదు. రెండో డయోడ్ రివర్స్‌లో ఊరికే కూర్చుంటుంది.

దీని వెంటే వచ్చే ప్రశ్న, కలెక్టర్‌నీ ఎమిటర్‌నీ తారుమారు చేస్తే ఏమవుతుంది? పని చేస్తుంది, కానీ అధ్వానంగా. డోపింగ్, జంక్షన్ సైజు అటువైపు పనికి చేసినవి కావు కాబట్టి గెయిన్ బాగా పడిపోతుంది. ఇంకో ప్రమాదం, BC547కి ఎమిటర్-బేస్ రివర్స్ రేటింగ్ 6 వోల్ట్‌లే. తారుమారు చేసి 10 వోల్ట్‌లు పెడితే ఆ జంక్షన్ బ్రేక్‌డౌన్‌కి పోవచ్చు. ల్యాబ్‌లో కలెక్టర్ కరెంట్ అస్సలు పెరగడం లేదనిపిస్తే ముందు కాళ్లు చూసుకోండి.

యాదగిరికి ఇక్కడ ఒక పోలిక అలవాటు. "బేస్ అంటే చెరువు తూము లెక్క. చిన్న తలుపు లేపితే పెద్ద కాలువ పారుతది" అంటాడు. పోలిక మంచిదే, కానీ ఒక్క మాటతో ఆపండి. తూము తలుపు నీళ్లు తాగదు, బేస్ మాత్రం కరెంట్ తాగుతుంది. ఎక్స్‌టర్నల్ "మరి ఇన్‌పుట్ కరెంట్ ఎక్కడిది?" అంటే పోలిక అక్కడే తెగిపోతుంది.

నాలుగో మెట్టు: ఒక లెక్క మొత్తం చేయించండి

కామన్ ఎమిటర్ ఔట్‌పుట్ టేబుల్ తీయండి. యాదగిరి రికార్డులో VCE 5 వోల్ట్‌ల దగ్గర IB 20 మైక్రో యాంప్స్‌కి IC 4.0 మిల్లీ యాంప్స్ ఉంది. భాగిస్తే β 200. నవీన్ రికార్డులో అదే చోట 8.6 మిల్లీ యాంప్స్, β 430. ఇద్దరూ ఒకే BC547 వాడారు. ఒకరిది తప్పా?

కాదు. ట్రాన్సిస్టర్ ఒంటి మీద నంబర్ చివర ఒక అక్షరం ఉంటుంది. A అయితే β 110 నుంచి 220, B అయితే 200 నుంచి 450, C అయితే 420 నుంచి 800 దాకా. అంటే BC547 అనే ఒక్క పేరు కింద 110 నుంచి 800 వరకు ఏదైనా రావచ్చు. కాబట్టి పక్క టేబుల్ వాళ్ల రీడింగ్ చూసి మీది దిద్దుకోకండి.

ఇప్పుడు కాగితం మీద ఈ సర్క్యూట్ గీయండి. సప్లై 12 వోల్ట్‌లు, కలెక్టర్‌లో 1 కిలో ఓమ్, ఎమిటర్ గ్రౌండ్‌కి. బేస్‌కి 5 వోల్ట్‌ల నుంచి 10 కిలో ఓమ్స్. యాదగిరి ట్రాన్సిస్టరే, β 200.

"VCE ఎంత?" నవీన్ అడిగాడు.

యాదగిరి చకచకా రాశాడు.

```
IB  = (5 − 0.7) / 10k = 0.43 mA
IC  = 200 × 0.43 mA   = 86 mA
VCE = 12 − 86 mA × 1k = −74 V
```

"మైనస్ డెబ్బై నాలుగు?"

"సప్లై పన్నెండే ఉంది. మైనస్ డెబ్బై నాలుగు ఏడికెల్లి వచ్చింది?"

ఇలాంటి అర్థంలేని అంకె రాత్రే రావడం మంచిది. లెక్కలో తప్పు లేదు, IC = β IB అనే ఊహ తప్పు. ఆ సూత్రం యాక్టివ్ రీజియన్‌లోనే చెల్లుతుంది. 1 కిలో ఓమ్ గుండా 12 వోల్ట్‌లు నెట్టగలిగేది ఎక్కువలో ఎక్కువ 12 మిల్లీ యాంప్స్. 86 అడిగితే ఎక్కడినుంచి వస్తుంది? ట్రాన్సిస్టర్ సాచురేషన్‌లోకి పోయింది. అప్పుడు VCEని 0.2 వోల్ట్‌లుగా తీసుకుని వెనక్కి లెక్కగట్టాలి. IC 11.8 మిల్లీ యాంప్స్. దాన్ని 0.43తో భాగిస్తే సుమారు 27. ట్రాన్సిస్టర్ β 200 అయినా ఇక్కడ వాడుకున్నది 27 మాత్రమే.

"సాచురేషన్‌లో రెండు జంక్షన్‌లూ ఫార్వర్డ్ బయాస్ అంటరు. చూపియ్."

"బేస్ 0.7 మీద ఉంది. కలెక్టర్ 0.2 మీద ఉంది. బేస్ కలెక్టర్ కన్నా 0.5 ఎక్కువ. అంటే కలెక్టర్ జంక్షన్ కూడా ఫార్వర్డే."

ఈ జవాబు బాగుంది. బట్టీ కొట్టిన వాక్యం కాదు, బొమ్మ మీద అంకెలు పెట్టి తీసింది. మీరూ ఇలాగే చెప్పడం అలవాటు చేసుకోండి.

ఇప్పుడు అదే బొమ్మలో 10 కిలో ఓమ్స్ కొట్టేసి 100 కిలో ఓమ్స్ రాయండి. IB 43 మైక్రో యాంప్స్ అవుతుంది. యాదగిరి ట్రాన్సిస్టర్‌తో IC 8.6 మిల్లీ యాంప్స్, VCE 3.4 వోల్ట్‌లు. హాయిగా యాక్టివ్ రీజియన్‌లో ఉంది, యాంప్లిఫయర్‌గా వాడుకోవచ్చు. కాగితం తిప్పకుండా అదే సర్క్యూట్‌లో నవీన్ ట్రాన్సిస్టర్ పెట్టండి. 430 ఇంటూ 43 మైక్రో యాంప్స్ అంటే 18 మిల్లీ యాంప్స్ పైన. మళ్లీ 12 దాటిపోయింది, మళ్లీ సాచురేషన్. ఒక్క రెసిస్టర్ మార్చలేదు, ట్రాన్సిస్టర్ మారింది, యాంప్లిఫయర్ కాస్తా మూసుకున్న స్విచ్ అయింది.

ఫిక్స్‌డ్ బయాస్ ఎందుకు వద్దంటారో, వోల్టేజ్ డివైడర్ బయాస్ ఎందుకు వచ్చిందో ఇక్కడ మీకే తెలుస్తుంది. ఆ ప్రశ్న వస్తే ఈ రెండు ట్రాన్సిస్టర్‌ల లెక్కే చెప్పండి. ఆ తర్వాత పరిష్కారం కూడా అంకెల్లోనే చూపించండి. 12 వోల్ట్‌లకు పైన 56 కిలో ఓమ్స్, కింద 10 కిలో ఓమ్స్ పెడితే బేస్ దగ్గర సుమారు 1.8 వోల్ట్‌లు. 0.7 తీసేస్తే ఎమిటర్ 1.1 మీద ఉంటుంది. ఎమిటర్‌లో 1 కిలో ఓమ్ ఉంటే కరెంట్ 1.1 మిల్లీ యాంప్స్. ఈ లెక్కలో β ఎక్కడా రాలేదు చూశారా? కచ్చితంగా లెక్కిస్తే బేస్ కరెంట్ వల్ల కొద్దిగా తేడా ఉంటుంది, కానీ 200 అయినా 430 అయినా కరెంట్ దాదాపు అక్కడే నిలుస్తుంది. కరెంట్ పెరగబోతే ఎమిటర్ వోల్టేజ్ లేచి VBEని తగ్గిస్తుంది, అదే దాన్ని వెనక్కి లాగుతుంది. మధ్యాహ్నం ఎండకు ల్యాబ్ వేడెక్కినప్పుడు ఆదుకునేది కూడా ఇదే.

ఎప్పుడు ఆపాలి

ఇద్దరి రికార్డుల మార్జిన్‌లలో ఇంటూ గుర్తులు కలిపి చూడండి. ఇద్దరికీ ఒకేచోట ఉన్నవి ముందు తేల్చుకోండి, అవసరమైతే ఇప్పుడు టెక్స్ట్‌బుక్ తీయొచ్చు. ఒకరికే ఉన్నవి రెండోవాడు చెప్తే చాలు. జెనర్, అవలాంచ్ తేడా మిగిలిపోతే క్లుప్తంగా ఇంత గుర్తుంచుకోండి. సుమారు 5 వోల్ట్‌ల లోపు జెనర్, 6 దాటితే ప్రధానంగా అవలాంచ్. వేడెక్కితే మొదటిదాంట్లో బ్రేక్‌డౌన్ వోల్టేజ్ తగ్గుతుంది, రెండోదాంట్లో పెరుగుతుంది. మధ్యలో రెండూ కలిసి పనిచేస్తాయి.

పొద్దున టిఫిన్‌కి పోయే ముందు తెల్ల కాగితం మీద మూడు బొమ్మలు చూడకుండా గీయండి. డయోడ్ రివర్స్ బయాస్ సర్క్యూట్ మీటర్లతో సహా, కామన్ ఎమిటర్ సర్క్యూట్, ఎన్‌పీఎన్, పీఎన్‌పీ గుర్తులు. ఎన్‌పీఎన్‌లో బాణం బయటికి, పీఎన్‌పీలో లోపలికి, రెండింట్లోనూ ఎమిటర్ మీదే. ఎవరి బాణం కలెక్టర్ మీద పడితే వాళ్లు ఆ గుర్తు మరో రెండుసార్లు గీసి కదలాలి.